ఫోను నీళ్లలో పడితే బియ్యం డబ్బా దగ్గరకు పరుగెత్తకండి

పోయిన వర్షాకాలంలో ఒక ఆదివారం సాయంత్రం మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే కుర్రవాడు మా ఇంటికి వచ్చాడు. వచ్చినవాడు చాలాసేపు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "మాస్టారూ, మా అమ్మతో మీరొక్క మాట చెప్పాలి" అన్నాడు చివరకు. విషయం ఏమిటంటే, శుక్రవారం నాడు వాళ్లమ్మ ఫోను అతని చొక్కా జేబులోంచి జారి బోరు పక్కనున్న సిమెంటు తొట్టిలో పడింది. అప్పటినుంచి అది వాళ్లింటి బియ్యం డబ్బాలో, అడుగున, దాగి ఉంది. తీసి చూస్తే వెలగడం లేదు.

వాళ్లమ్మ ఇంట్లోనే బట్టలు కుట్టి సంసారం నడుపుతుంది. ఏ జాకెట్టుకు ఏ కొలతలో, ఎవరు ఎంత బాకీ ఉన్నారో, అన్నీ ఆ ఫోనులోనే ఫొటోలుగా ఉన్నాయి. బ్యాంకు నుంచి వచ్చే కబుర్లూ దానికే వస్తాయి. ఆ ఇంటికి ఉన్నది ఆ ఒక్క ఫోనే.

జరిగింది మొదటినుంచీ చెప్పించాను. పడిన పావు నిమిషంలోనే పైకి తీశాడట. తెర ఇంకా వెలుగుతూనే ఉందట. బనీనుతో తుడిచి, పనిచేస్తోందో లేదో చూడాలని స్నేహితుడికి ఫోను చేశాడు. మాట వినిపించింది. ఒక పాట పెట్టి చూశాడు. కొంచెం బొంగురుగా వినిపించినా, పాట వచ్చింది. గండం గడిచిందనుకుని, బ్యాటరీ తక్కువగా ఉందని చార్జింగుకు పెట్టాడు. చార్జింగు గుర్తు ఒకసారి వస్తూ ఒకసారి పోతూ, కాసేపటికి ఫోను వేడెక్కి, తెర ఆరిపోయింది. అప్పుడు భయం వేసి బియ్యంలో పూడ్చాడు. బియ్యం నీటిని పీల్చేస్తుందని ఎవరో చెప్పగా విన్నాడు. అమ్మకు కనబడకుండా దాచడానికీ ఆ డబ్బా పనికివచ్చింది.

విద్యార్థులారా! ఈ కుర్రవాడు చేసిన తప్పేది? చేతిలోని వస్తువు జారిపడటం ఎవరికైనా జరుగుతుంది. దాన్ని తప్పు అనను. పైకి తీసిన తర్వాత చేసిన నాలుగు పనులే అసలు తప్పులు. వెలిగించి ఉంచడం, వాడి చూడటం, చార్జింగుకు పెట్టడం, చివరకు రెండు రోజులు బియ్యంలో ఉంచి కాలం పోగొట్టడం. వీటిలో మొదటి మూడూ తప్పని చాలామంది ఒప్పుకుంటారు. నాలుగోదాన్ని మాత్రం వైద్యమనుకుంటారు. అది వైద్యం కాదని, దానివల్ల నష్టమే ఎక్కువని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

చెడగొట్టేది నీరు ఒక్కటే కాదు

ఫోనును నీరు ఎలా పాడుచేస్తుంది? తడి తగలగానే లోపలి భాగాలు కరిగిపోతాయా? లేదు. కరెంటు లేని విద్యుత్ పలకను స్వచ్ఛమైన నీటిలో ముంచి, తీసి, బాగా ఆరబెడితే దానికి వెంటనే పెద్ద హాని జరగదు. హాని చేసేది నీరు, లవణాలు, కరెంటు, ఈ మూడూ కలిసినప్పుడు.

స్వేదనజలంలో విద్యుత్తు చాలా తక్కువగా ప్రవహిస్తుంది. కాని మన బోరు నీరు, కుళాయి నీరు స్వేదనజలం కాదు. వాటిలో కాల్షియం, మెగ్నీషియం, సోడియం లవణాలు కరిగి ఉంటాయి. అవి అయాన్లుగా విడిపోయి విద్యుత్తును మోసుకుపోతాయి. ఇక ఫోను బ్యాటరీ వోల్టేజి సుమారు 3.7 వోల్టులు. నీటిని హైడ్రోజను, ఆక్సిజనులుగా విడగొట్టడానికి సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు చాలు. అంటే తడిసిన ఫోను లోపల, పదో తరగతి పుస్తకంలోని విద్యుద్విశ్లేషణ ప్రయోగం దానంతట అదే మొదలవుతుందన్నమాట!

మీరే చేసి చూడవచ్చు. ఒక గ్లాసు నీటిలో చెంచాడు ఉప్పు కలపండి. రెండు రాగి తీగల చివర్లు గీకి, ఒకదానికొకటి తగలకుండా నీటిలో ఉంచండి. రెండు టార్చిలైటు సెల్లులను వరసగా పెట్టి తీగలను వాటి రెండు కొసలకూ కలపండి. ఇప్పుడు మొత్తం 3 వోల్టులు. ఇంటి కరెంటుతో ఈ ప్రయోగం ఎన్నడూ చేయకూడదు. సెల్లులే వాడాలి. కాసేపటికి నెగెటివ్ తీగ చుట్టూ బుడగలు లేస్తాయి. పాజిటివ్ తీగ దగ్గర నీటి రంగు మారి మడ్డి దిగడం మొదలవుతుంది. ఆ తీగను తీసి చూస్తే గరుకెక్కి, సన్నబడుతూ ఉంటుంది. ఆ మడ్డిలో ఉన్నది తీగ నుంచి వచ్చిన రాగే.

రెండో గ్లాసులో అదే ఉప్పునీరు పోసి, అవే తీగలు వేసి, సెల్లులు మాత్రం కలపకండి. అంతసేపూ ఉంచి చూడండి. తీగలు దాదాపు వేసినట్టే ఉంటాయి. రెండు గ్లాసులకూ ఉన్న తేడా సెల్లులు ఒక్కటే. ఫోను తడిసినప్పుడు ముందుగా చేయవలసిన పని ఏదో ఈ రెండు గ్లాసులే చెబుతున్నాయి. నీటిని తీయడానికి సమయం పడుతుంది. కరెంటును మాత్రం వెంటనే ఆపవచ్చు.

గ్లాసులో తీగ లావుగా ఉంది కనుక తినివేతకు ఎక్కువసేపు పట్టింది. ఫోనులో ఉన్నవి అంత లావు తీగలు కావు. టైప్-సి చార్జింగు రంధ్రంలో రెండు వరసల్లో 24 స్పర్శపలకలు ఉంటాయి. పక్కపక్క పలకల మధ్య దూరం అర మిల్లీమీటరు. వాటి మీది బంగారు పూత చాలా పలచన. అది చెదిరితే కింది లోహం నీటిపాలవుతుంది. తడి రంధ్రంలో చార్జరు గుచ్చినప్పుడు ఏం జరుగుతుంది? నీరు నిలిచిన చోటనే బయటినుంచి మరో 5 వోల్టులు తెచ్చి పెట్టినట్టవుతుంది. ఆ కుర్రవాడి ఫోనులో చార్జింగు గుర్తు వస్తూ పోతూ ఉండటానికి కారణం ఇదే.

బియ్యం ఎందుకు పనిచేయదు?

బియ్యానికి నీటిని పీల్చే గుణం లేదని నేను అనడం లేదు. ఇడ్లీ పిండి కోసం అమ్మ బియ్యం నానబోస్తుంది కదా. గింజలు నీటిలో పూర్తిగా మునిగి ఉన్నా నానడానికి కొన్ని గంటలు పడుతుంది. మరి ఫోనులోని నీరు ఎక్కడుంది? గింజ దూరలేని సన్నని సందుల్లో, పలకకూ దాని మీది రేకు మూతలకూ నడుమ ఉంది. సన్నని సందులో నీరు దానంతటది జారిపోదు. కేశనాళికలో లాగే అతుక్కుని ఉంటుంది. బియ్యపు గింజ ఆ నీటిని తాకనైనా తాకలేదు.

తాకకపోయినా ఆవిరిని లాగుతుంది కదా, అని మీరడగవచ్చు. మంచి ప్రశ్నే. ఇంట్లో నిలవ ఉన్న బియ్యం ఎముకలాగా పొడిగా ఉందనుకుంటాం కాని, దాని బరువులో సుమారు 12 నుంచి 14 శాతం నీరే. చుట్టూ ఉన్న గాలిలోని తేమతో అది ఇదివరకే సర్దుకుని కూర్చుంది. గాలిలో తేమ పెరిగితే కొంచెం తీసుకుంటుంది, తగ్గితే కొంచెం వదులుతుంది. అంటే మీ ఇంటి బియ్యం మీ ఇంటి గాలికంటే పొడిది కాదు. వర్షాకాలంలో బియ్యమూ తేమగానే ఉంటుంది. తనకంటే పొడిగా లేనిది మరొకదాన్ని ఎలా ఆరబెడుతుంది?

ఒక చిన్న లెక్క వేద్దాం. 5 లీటర్ల డబ్బా నిండా బియ్యం పోశామనుకోండి. గింజల మధ్య ఖాళీలన్నీ కలిపితే సుమారు 2 లీటర్ల గాలి ఉంటుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక లీటరు గాలి ఎంత ఎక్కువగా మోసినా 0.03 గ్రాముల నీటి ఆవిరినే మోయగలదు. రెండు లీటర్లకు 0.06 గ్రాములు. ఆ గాలిలో మూడింట రెండు వంతులు అప్పటికే తేమతో నిండి ఉంటే ఇక మిగిలింది 0.02 గ్రాముల చోటు. ఒక నీటి చుక్క బరువు దాదాపు 0.05 గ్రాములు. అంటే డబ్బాలోని గాలిలో అర చుక్కకు కూడా చోటు లేదు! ఆ పైన మెల్లగా గింజలు ఆవిరిని తీసుకోవాలి, అప్పుడు మళ్లీ కొంచెం చోటు ఏర్పడాలి. మూత పెట్టిన డబ్బాలో గాలి కదలదు కనుక ఇదంతా నత్తనడకన సాగుతుంది.

ఇప్పుడు ఫోనును పంకా గాలిలో ఉంచామనుకోండి. ఇంటి సీలింగు పంకా నిమిషానికి సుమారు 200 ఘనపు మీటర్ల గాలిని కదిలిస్తుంది. తేమ ఎక్కిన గాలి వెళ్లిపోయి, చోటున్న గాలి వస్తూనే ఉంటుంది. తడి బట్టలను డబ్బాలో పెట్టం, తీగ మీద ఆరేస్తాం. బట్టకు తెలిసిన న్యాయమే ఫోనుకూ వర్తిస్తుంది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. సన్నని సందుల్లో చిక్కిన నీటిని పంకా కూడా త్వరగా తీయలేదు. ఫోను విప్పి ఆరబెట్టడమే గట్టి మార్గం.

బియ్యం వల్ల లాభం లేకపోతే పోనీ, నష్టమేమిటంటారా? తవుడు పొడి, గింజల ముక్కలు చార్జింగు రంధ్రంలోకి దూరి తడితో కలిసి ముద్దవుతాయి. ఆపిల్ కంపెనీ కూడా తన ఫోనును బియ్యం సంచిలో పెట్టవద్దని, చిన్న రేణువులు దానికి హాని చేయవచ్చని 2024లో తన సలహాల్లో రాసింది. దీనికంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. బియ్యంలో పెట్టాం కనుక చేయవలసింది చేశామన్న ధీమా కలుగుతుంది. ఆ ధీమాతోనే రెండు రోజులు గడిచిపోతాయి. లోపల తినివేత ఆగదు.

కాకి వాలింది, తాటిపండు రాలింది

"మా బాబాయి ఫోను బియ్యంలో పెడితేనే బాగయింది" అని మీలో ఎవరో అనకుండా ఉండరు. ఆయన అబద్ధమాడుతున్నారని నేననను. కాని కాకి వాలగానే తాటిపండు రాలితే, కాకే రాల్చిందని అనుకోవచ్చునా? పండు అప్పటికే పండి ఉంది. నీళ్లలో పడిన ఫోనులన్నీ చెడవు. కొన్నింటిలోకి నీరు చేరనే చేరదు. కొన్నింటిలో చేరినా కీలకమైన చోటికి పోదు. అలాంటి ఫోనును ఒక రోజు ఆపి, బల్ల మీద పెట్టినా బాగుపడేది. బియ్యంలో పెట్టినందువల్ల ఒక్క మేలు మాత్రం జరిగింది. ఆ రోజంతా దాన్ని ఎవరూ వెలిగించలేదు, చార్జింగు పెట్టలేదు. ఆ పేరు బియ్యానికి దక్కింది.

బియ్యం సంగతి తేల్చడానికి పోలిక కావాలి. ఒకే కొలతగల రెండు స్పాంజి ముక్కలు తీసుకోండి. ఒక్కొక్కదానిలో చెంచాడు నీరు పోయండి. నీరు ఫోను లోపల చిక్కినట్టు ఉండాలి కనుక రెంటినీ రెండు చిన్న ప్లాస్టిక్ డబ్బీల్లో పెట్టి మూతలకు సన్నని రంధ్రాలు చేయండి. ఒక డబ్బీని బియ్యంలో పూడ్చి, రెండోదాన్ని పంకా కింద ఉంచండి. రేపు ఈ వేళకు బంగారు కొట్టు త్రాసులోనో, బడిలోని త్రాసులోనో తూచండి. నా మాట నమ్మవద్దు, త్రాసు మాట నమ్మండి.

మొదటి నిమిషాల్లో ఏం చేయాలి?

ఫోను చార్జరుకు తగిలించి ఉండగా తడిస్తే, ముందు గోడ మీది స్విచ్చి ఆపండి. ఆపేవరకు ఫోనునూ, తీగనూ, నీటినీ తాకవద్దు. ఫోనుకంటే ప్రాణం ముఖ్యం.

తీయగానే తెర తుడిచి ఫోనును పూర్తిగా ఆపివేయండి. పక్క మీట నొక్కిపట్టినప్పుడు తెర మీద వచ్చే Power off ను ఎంచుకోవాలి, Restart ను కాదు. అప్పటికే ఆరిపోయి ఉంటే అలాగే ఉండనివ్వండి. పనిచేస్తోందో లేదోనని వెలిగించి చూడటం ఎంతమాత్రం పనికిరాదు. వెనుక మూత ఊడే మీటల ఫోనయితే బ్యాటరీ తీసి పక్కన పెట్టండి, అంతకంటే మంచిది లేదు. బ్యాటరీ ఊడిరాని ఫోనులో, ఆపివేసినా బ్యాటరీ పలకకు తగిలే ఉంటుంది కాబట్టి అపాయం తగ్గుతుందే కాని పూర్తిగా పోదు. ఆలస్యం చేయకుండా బాగుచేసేవారి దగ్గరకు వెళ్లాలనడానికి కారణం ఇదే. వారు ఫోను విప్పి ముందుగా చేసే పని బ్యాటరీ తీగను ఊడదీయడం.

తర్వాత పై తొడుగు, సిమ్ము పళ్లెం, మెమరీ కార్డు తీసేయండి. చార్జింగు రంధ్రం నేల వైపు ఉండేలా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టండి. గట్టిగా విదిలించకండి, నోటితో ఊదకండి. అవి రెండూ నీటిని ఇంకా లోపలికి తోస్తాయి. దూది, కాగితం రంధ్రంలో దూర్చకండి. జుట్టు ఆరబెట్టే యంత్రం, పొయ్యి, మిట్టమధ్యాహ్నపు ఎండ కూడా వద్దు. లిథియం బ్యాటరీకి వేడి పడదు. భాగాలను అతికించిన జిగురు కూడా వేడికి వదులవుతుంది. రంధ్రం కిందికి ఉండేలా ఫోనును గోడకు చేరవేసి, నీడలో, పంకా గాలికి ఒక రోజైనా వదిలేయండి. రెండు రోజులయితే మరీ మంచిది.

నీరు ఎలాంటిదన్నది కూడా చూడాలి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. విశాఖ తీరంలో తడిసిన ఫోను ఆరిపోయినా ఉప్పు లోపలే ఉంటుంది, మళ్లీ గాలిలో తేమ తగలగానే తన పని మొదలుపెడుతుంది. సబ్బు నీరు, టీ, కూర పులుసు కూడా ఇలాంటివే. వీటిలో పడినదాన్ని ఆరబెట్టడం చాలదు. అదే రోజున విప్పించి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడిగించాలి. "మాది నీటికి చెడని ఫోను" అని ధైర్యపడకండి. IP67 అన్న గుర్తుకు అర్థం మంచినీటిలో, మీటరు లోతులో, అరగంట ఉంచి పరీక్షించారని మాత్రమే. కొత్త ఫోనుకు చేసిన పరీక్ష అది. కిందపడి చట్రం వంగిన ఫోనుకు, ఒకసారి విప్పి బిగించిన ఫోనుకు ఆ హామీ ఉండదు.

లోపలికి నీరు పోయిందో లేదో తెలిసేదెలా? చాలా ఫోనుల్లో సిమ్ము పళ్లెం తీస్తే ఆ రంధ్రంలో చిన్న తెల్లని చీటీ కనబడుతుంది. తడి తగిలితే అది ఎర్రబడుతుంది. కెమెరా అద్దం లోపల మంచులాంటి పొర కనిపించినా నీరు చేరినట్టే. ఫోను ఉబ్బినా, ఆపి ఉన్నా వేడెక్కినా అది బ్యాటరీకి దెబ్బ తగిలిన గుర్తు. అలాంటిదాన్ని చార్జింగు పెట్టకుండా, దిండు కింద ఉంచకుండా, పెద్దలకు చెప్పి బాగుచేసేవారికి ఇవ్వాలి. ఇవేవీ లేక, ఆరిన తర్వాత ఫోను చక్కగా వెలిగితే, మొదట ఫొటోలు, నంబర్లు మరో చోటికి నకలు తీసుకోండి. నెల తర్వాత మొరాయించే ఫోనులూ ఉన్నాయి.

ఆ తల్లి ఫోను ఏమైంది?

సోమవారం ఉదయం ముగ్గురం కలిసి బాగుచేసే కొట్టుకు వెళ్లాం. ఆయన మూత విప్పి భూతద్దం కింద పెట్టి చూపించాడు. చార్జింగు రంధ్రం మొదట్లో ఆకుపచ్చని చిలుము, దాని మీద తెల్లని తవుడు ముద్ద, మధ్యలో ఒక నూక. "అమ్మా, శుక్రవారం సాయంత్రమే తెచ్చి ఉంటే ఆరబెట్టి ఇచ్చేవాణ్ణి" అన్నాడాయన. చార్జింగు భాగం మార్చి, పలకను కడిగాక ఫోను వెలిగింది. కొలతలూ బాకీలూ దక్కాయి. కాని మాట వినిపించే భాగం బాగుపడలేదు. ఆ ఖర్చుకు ఆమె పది జాకెట్లు కుట్టాలి.

దారిలో ఆమె కొడుకును ఒక్కటే అడిగింది. "పడినప్పుడే నాకెందుకు చెప్పలేదురా?" వాడు తలవంచుకుని "కొడతావనుకున్నానమ్మా" అన్నాడు. ఈ జవాబు వినవలసింది మీరు కాదు, మీ ఇంట్లోని పెద్దలు. ఈ పేజీ వారికి కూడా చూపించండి. ఫోను తడిసిన మొదటి నిమిషంలో తిట్టు పడుతుందన్న భయం ఉంటే పిల్లవాడు దాన్ని దాస్తాడు. దాచిన ప్రతి గంటా లోపల రాగి కరుగుతూ ఉంటుంది. మీరు మాత్రం, ఈసారి ఎవరి ఫోనయినా నీళ్లలో పడితే, ముందు దాన్ని ఆపండి, వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి. బియ్యాన్ని అన్నానికి ఉంచండి.